మడతకి దొరకని ముగింపు

బళ్ళో అందరూ ఆవిడని చిన్న టీచరమ్మ అంటారు. వయసు చూసి పెట్టిన పేరు కాదది, డిగ్రీ లేదని పెట్టింది. పిల్లలకి పాఠం చెప్పడంలో పెద్ద టీచర్లకి ఏమాత్రం తీసిపోదు, ఒట్టు! కానీ హెడ్మిస్ట్రెస్ తేల్చి చెప్పేసింది: వచ్చే టర్మ్ నుంచి డిగ్రీ లేనివాళ్ళు క్లాసులో అడుగుపెట్టడానికి వీల్లేదని.

అందుకే సాయంత్రం కాలేజీలో చేరింది. పగలు బడి, సాయంత్రం కాలేజీ, మధ్యలో వంటా పిల్లాడూ. అన్ని పేపర్లూ గట్టెక్కాయి. మిగిలింది సాహిత్య వ్యాసం ఒక్కటే. దాని మీద మాస్టారు సంతకం పడి, ఇవాళ ఆఫీసు మూసేలోగా గుమాస్తా చేతికి చేరాలి. చేరకపోతే ఏడాది పోయినట్టే, ఏడాదితో పాటు ఉద్యోగమూ పోయినట్టే.

ఆ సంతకం పెట్టాల్సింది ఎవరనుకున్నారు? మడత మాస్టారు!

ఆయన వ్యాసం చదివేశాక కాగితాలు మడుస్తారు. మొదటి పేజీ పైభాగం, ఆఖరి పేజీ కిందిభాగం పక్కపక్కకి వచ్చేట్టు మడిచి, ఆ రెండు పేరాలూ మళ్ళీ చూస్తారు. రెండూ ఒకే మాట చెబుతుంటే ఆ మడత మీదే వెనక్కి ఇచ్చేస్తారు. తిట్టరు, కొట్టరు, ఎందుకో చెప్పరు. చిన్న టీచరమ్మ వ్యాసం అలా రెండుసార్లు తిరిగొచ్చింది.

ఇప్పుడు మూడోసారి. స్టాఫ్ రూములో ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. మాస్టారు బల్ల మీద ఒక పక్కన సంతకాలైపోయిన వ్యాసాల కట్ట, దారంతో కట్టి ఉంది. ఆయన ఆవిడ కాగితాలు మడిచారు. 

వ్యాసం ఒక కథ మీద. మూతపడిన మిల్లులో ఒక ముసలి కాపలాదారు రోజూ పొద్దున్నే గంట కొడుతూనే ఉంటాడు. ఆవిడ మొదటి పేరాలో ఇలా రాసింది: “అతను గంట కొట్టేది విశ్వాసంతో కాదు, మిల్లు పోయిందని ఒప్పుకోలేక.” ఆఖరి పేరాలో ఇలా: “ఈ విధంగా, కావలివాని ఘంటానాదం స్వామిభక్తి కాదనీ, కర్మాగారం అంతరించిందన్న సత్యాన్ని అంగీకరించలేని నిస్సహాయత అనీ తేటతెల్లమగుచున్నది.”

మాస్టారు కళ్ళజోడు తీశారు. “పట్టుచీర కట్టావమ్మా దీనికి. మనిషి మాత్రం ఆ మనిషే.”

కాగితాలు మడత మీదే ముందుకు తోశారు.

ఇక ఆవిడ వల్ల కాలేదు. ఎంతని ఊరుకుంటుంది? “మరి ఏం రాయాలో ఒక్కసారైనా చెప్పారా మాస్టారూ? మడవడం, ఇవ్వడం! ఒక్క మాట కూడా కలవకుండా రాశాను. అందరూ ఇలాగే రాస్తున్నారు, వాళ్ళకి సంతకాలు పెట్టారు కదా!”

అనేశాక నాలుక కరుచుకుంది. ఆ కట్టలో పైనున్నది తన స్నేహితురాలి వ్యాసమే. ఇద్దరూ కలిసి కూర్చుని నిఘంటువు ముందేసుకుని మాటలు మార్చుకున్నారు. దానిది మాస్టారి కంటికి దొరకలేదు, అంతే.

“అందరూనా?” అన్నారు మాస్టారు.

అప్పుడే ఫోను మోగింది. అత్తగారు. “అయిందా అమ్మాయ్? మీ మడత మాస్టారు కాగితాలకి ఇంకా ఇస్త్రీ చేస్తూనే ఉన్నాడా?” ఆ గొంతు గదంతా వినపడింది. ఆవిడకి తల కొట్టేసినట్టయింది. “తర్వాత చేస్తానత్తయ్యా,” అని పెట్టేసింది.

మాస్టారికి నవ్వు రాలేదు. ఆ కట్ట వంకే చూస్తున్నారు. కాసేపటికి తెల్లకాగితం ఒకటి తీసి ఆవిడ ముందు పెట్టారు. “ఆఫీసు మూయడానికి ఇంకా టైముంది. కూర్చో. అతను ఒప్పుకోలేకే కొడుతున్నాడని నువ్వు రుజువు చేశావు, నేను నమ్మాను. ఇప్పుడు చెప్పు, అది నిజమైతే కథలో ఇంకేం వేరేగా కనపడుతుంది?”

ఆవిడ గబగబా రాసింది: “ప్రపంచంలో ప్రతి మనిషీ ఏదో ఒక నిజం నుంచి పారిపోతూనే ఉంటాడు. జీవితమంటే ఇంతే.”

“ఇది ఏ వ్యాసానికైనా అతుక్కుంటుంది,” అన్నారాయన. “నీ పేరాల్లోంచి వచ్చింది కాదు. పాత మాటే మళ్ళీ చెప్పొద్దన్నాను గానీ, ఎక్కడికో ఎగిరిపొమ్మన్నానా? నాలుగో పేరా చదువు, పైకి.”

ఆవిడ చదివింది. కాపలాదారుకి జ్వరం వచ్చి గంట కొట్టని పొద్దున, రోజూ అతన్ని పిచ్చివాడని నవ్వే వీధివాళ్ళంతా వచ్చి అతని తలుపు బాదుతారు. గంట లేకపోతే పొయ్యి ఎప్పుడు వెలిగించాలో, పిల్లల్ని ఎప్పుడు లేపాలో తెలియట్లేదంటారు.

“ఇదెందుకు రాశావు?”

“గంట ఎంత టైముకి కొడతాడో చూపించడానికి.”

“అంతేనా?”

వరండాలో గుమాస్తా తాళాలగుత్తి చప్పుడైంది. కిటికీలు ఒక్కొక్కటే మూస్తున్నాడు. తలుపు బాదినవాళ్ళు... వాళ్ళకి మిల్లు లేదని తెలియదా? ఎందుకు తెలియదు! పనులు పోయింది వాళ్ళకే కదా! మరి...

ఆవిడ పెన్ను అందుకుంది. ఈసారి గబగబా రాయలేదు.

“అతను ఒప్పుకోలేకపోయాడు, నిజమే. కానీ ఆ పొద్దున అతని తలుపు బాదినవాళ్ళందరికీ మిల్లు లేదని తెలుసు. అంటే ఒప్పుకోలేనిది అతనొక్కడే కాదు. అతని చేత గంట కొట్టిస్తూ వీధంతా ఆ బాధ తప్పించుకుంది. అతన్ని పిచ్చివాడనడం వాళ్ళకి సుఖంగా ఉంది. ఆఖరి పేజీలో అతను జ్వరంతోనే లేచి తాడు అందుకున్నప్పుడు, చదువుతున్న మనమూ హమ్మయ్య అనుకున్నాం. అప్పుడు మనం కూడా ఆ తలుపు బయటే నిలబడి ఉన్నాం.”

మాస్టారు చదివారు. అలవాటు కొద్దీ కాగితాలు మడిచారు. మొదటి పేరా చూశారు, ఆఖరి పేరా చూశారు. ఒకదాంట్లో ఒక ముసలాడు, ఇంకోదాంట్లో వీధి మొత్తం. ఆయన మెల్లగా మడత విప్పి, అరచేత్తో సాపు చేశారు.

“మొదట్లో అనలేవు ఈ మాట. నాలుగు పేరాలు నడిచొస్తేనే దొరుకుతుంది,” అని సంతకం పెట్టారు.

ఆవిడకి ఏడుపొచ్చేసింది. దాచుకోలేదు కూడా. లేచి కాగితాలు తీసుకోబోయి ఆయన మొహం చూసి ఆగింది. ఎప్పుడూ బిగించి ఉండే మొహం ఒక్కసారిగా వాడిపోయింది.

“నేను మడుస్తాను, మీరు మాటలు మారుస్తారు. నేను హాయిగా సంతకం పెడతాను, మీరు హాయిగా వెళ్ళిపోతారు. ఇక్కడ చదువు జరగట్లేదని ఎవరమూ ఒప్పుకోం,” అన్నారు. “ఇన్నేళ్ళూ గంట కొట్టింది నేనేనన్నమాట.”

“అయ్యో, అలా ఎందుకంటారు మాస్టారూ...”

“రాసిన దానివి నువ్వే కదమ్మా. నన్ను కూడా ఆ వీధిలోకి లాగావు. వెళ్ళు వెళ్ళు, తాళం వేసేస్తాడు.”

పరుగెత్తింది. గుమాస్తా తలుపు సగం మూసేసి ఉన్నాడు. విసుక్కుంటూనే కాగితాలు తీసుకుని ముద్ర వేశాడు. అయిపోయింది! ఉద్యోగం నిలబడింది! అత్తగారికి ఫోను చేద్దామని తీసింది గానీ, చెయ్యి నంబరు మీదకి పోలేదు.

స్టాఫ్ రూము దాకా వెనక్కి వెళ్ళింది. మాస్టారు దారం విప్పేసి కట్ట ముందు పెట్టుకుని ఉన్నారు. పైన తన స్నేహితురాలి వ్యాసం.

“మాస్టారూ, దాన్ని ఏమీ అనకండి. మాటలు మార్చే ఆలోచన నాదే.”

“ఎవరి మార్కులూ తీయను, భయపడకు,” అన్నారు ఆయన తలెత్తకుండా. “రేపు ఒక్కొక్కరినీ పిలిచి, నీకు చెప్పింది వాళ్ళకీ చెబుతాను. దానికి ముందు నేను మళ్ళీ చదవాలి కదా, మధ్య పేరాలతో సహా.”

కాగితం మడవకుండా బల్ల మీద పరిచి, మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టారు.