డిస్కులో మొదటి తీత

చీరాలలో స్టేషను నుంచి పేరాల వైపు వెళ్లే దారిలో, టైలరు కొట్టుకూ మందుల షాపుకూ నడుమ ఒక గది. అందులో జహీరున్నీసా పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తోంది. అంతకుముందు పర్చూరు దగ్గర పల్లెలో, బడి లేని రోజుల్లో తల్లి వెంట పత్తి తీసేది. ఆ పనికి వేలి చివర్లు గరుకెక్కాయి. స్క్రూలు తిప్పే చేతికి ఆ గరుకు ఇప్పటికీ అక్కరకొస్తుంది.

నడుస్తున్న ప్రోగ్రాములు చూపే టాస్క్ మేనేజర్లో డిస్కు పక్కన నూరు శాతం కనిపిస్తే జనం బెంబేలెత్తుతారు. నిండిపోయిందనుకుని ఫోటోలు చెరిపేస్తారు. అది నిండడానికి కొలత కాదు. డిస్కుకు ఊరికే ఉన్న క్షణమే లేదని చెప్పే అంకె. పదిమందిలో తొమ్మిదిమందికి దాని వెనక ఏదో ఒక ప్రోగ్రాం ఉంటుంది. అప్‌డేటు దిగుతుంటుంది, యాంటీవైరస్ వెతుకుతుంటుంది. అందుకే జహీరున్నీసా దగ్గర ఫోన్లో చెప్పే జవాబు ఒకటి తయారుగా ఉండేది.

"రెండు రోజులు ఆపకుండా వదిలెయ్యండి. దానంతటదే దిగుద్ది."

మాలకొండయ్యకు కూడా అదే చెప్పింది.

మాలకొండయ్య మగ్గాలకు డిజైన్లు గీస్తాడు. చీర అంచులో హంస ఉన్నా మామిడిపిందె ఉన్నా, ఏ పోగు లేవాలో ఏది ఆగాలో గళ్లలో నింపి ఇస్తే, దాన్నిబట్టి మగ్గం మీద పోగుల్ని లేపే జకార్డు అట్టలకు చిల్లులు కొడతారు. పదహారేళ్ల క్రితం కంప్యూటరు కొని పాత గ్రాఫు కాగితాలన్నీ అందులోకి ఎక్కించాడు. ఎక్కించిన కాగితాలను చెదలు పడుతున్నాయని తూకానికి వేసేశాడు. ఆరువందల నలభై అంచులు. ఇంకెక్కడా లేవు. ఆ సంగతి ఫోన్లో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు.

నాలుగో రోజు మళ్లీ ఫోను. "అమ్మా జహీరా, దిగలేదే. ఇప్పుడు మౌసు కూడా కదలట్లా."

ఆమె వాళ్లింటికి వెళ్లింది. మగ్గం గుంట పక్కనే బల్ల మీద కంప్యూటరు. మాలకొండయ్య భార్య చెంచమ్మ నూలు కండెలు చుడుతోంది.

"రామ్మా. మూడు రోజుల్నుంచీ దాని ముందే కూర్చున్నాడు. నాకు జొరమొస్తే ఇట్టా కూర్చున్నాడా ఎప్పుడన్నా?"

"నీకు జొరమొస్తే అరుస్తావు. ఇది పాపం అరవదు," అన్నాడు మాలకొండయ్య.

జహీరున్నీసా ముందు ప్రోగ్రాముల జాబితా చూసింది. డిస్కును గట్టిగా వాడుతున్నది ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ కలిపినా చిటికెడు పని. డిస్కు పేజీ తెరిచింది. పైన నూరు, కదలదు. చదివే వేగం కాసేపు సున్నా, కాసేపు ముప్పై కేబీ. రెస్పాన్స్ టైమ్ దగ్గర నాలుగువేల ఎనిమిది వందల మిల్లీ సెకన్లు. ఒక్క ముక్క అడిగితే అయిదు సెకన్లకు ఇస్తోంది.

ప్రోగ్రాం తినేస్తుంటే నూరు శాతం వెనక బరువు మోత కనిపిస్తుంది. సెకనుకు ఎన్నో ఎంబీలు అటూ ఇటూ పోతుంటాయి. ఇక్కడ మోత లేదు, ఆయాసమే ఉంది. ఆమె పెట్టెకు చెవి ఆనించింది. టిక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టిక్.

"బాబాయ్, ఈ మూడు రోజులూ ఏం చేశావు దీన్ని?"

"ఏం చేస్తానమ్మా, బాగుచేసుకున్నా. డిస్కు చెకింగ్ ఉందిగా, చెడ్డచోట్లు వెతికి సరిచేసేది. అయిపోగానే మళ్లీ పెట్టా. ఆరుసార్లు."

"ఆరుసార్లా!"

"పోగు తెగితే అక్కడికక్కడే అతకాలి గదా. అతక్కుండా నేసుకుంటా పోతే ఆ గీత చీర చివరిదాకా వచ్చుద్ది."

నేతలో పుట్టినవాడు మరోలా ఎలా ఆలోచిస్తాడు? అయితే అరిగిపోతున్న డిస్కు మీద ఆ చెకింగ్ ప్రతి చోటునూ చదువుతుంది. రాని చోట పదేపదే గీకుతుంది. అతుకు వేసే చెయ్యే పక్క పోగుల్ని తెంపుతుంది.

ఆమె కంప్యూటరు ఆపేసింది. "ఇంక దీన్ని ముట్టుకోవద్దు. షాపుకు పట్టుకుపోతా."

మర్నాడు పొద్దున్నే మాలకొండయ్య షాపులో ఉన్నాడు. ఆమె ముందు డిస్కుకు తగిలించే తీగ మార్చి చూసింది. వదులైన తీగ కూడా ఇలాగే చేయిస్తుంది. తేడా లేదు. విండోస్ బదులు పెన్‌డ్రైవు నుంచే లినక్సు నడిపింది. విండోస్ తప్పయితే ఇక్కడ డిస్కు చకచకా చదవాలి. చదవలేదు. చివరికి డిస్కు తన గురించి తాను రాసుకునే చిట్టా తెరిచింది. తీగలో పొరపాట్లు సున్నా. చదవలేక పక్కన పెట్టిన చోట్లు మూడువందల పన్నెండు.

"డిస్కే పోతోంది బాబాయ్."

అతను స్టూలు మీద కూర్చున్నాడు. "బొమ్మలు?"

"తీద్దాం. నువ్వన్న పద్ధతిలో కాదు." కొత్త డిస్కు తగిలించింది. "మా అమ్మ పత్తి ఎట్టా తీసేదో చెప్పనా? విచ్చిన కాయలే తీసుకుంటా సాలు చివరికంటా పోయేది. విచ్చనిదాని దగ్గర ఆగి గిల్లితే అదీ రాదు, పొద్దూ గుంకుద్ది. దానికి రెండో తీత ఉంది."

ఆమె పెట్టిన ప్రోగ్రాం అలాగే పనిచేసింది. మొరాయించిన చోటును గుర్తు పెట్టుకుని దాటిపోయింది. హాయిగా వచ్చేవాటిని కొత్త డిస్కు మీదికి దింపుకుంటూ పోయింది. తెర మీద అంకె నెమ్మదిగా పెరుగుతోంది. ఎక్కడైనా ఆగితే మాలకొండయ్య ముందుకు వంగేవాడు.

"అక్కడ వదిలేసి పోతందే!"

"పోనీ. మళ్లీ వచ్చుద్ది."

"నా చెయ్యి ఊరుకోట్లేదమ్మా."

"జేబులో పెట్టుకో."

రెండు పగళ్లు పట్టింది. మొదటి తీతలోనే చాలా భాగం వచ్చింది. వెనక్కి తిరిగి విడిచినచోట్లకు పోయినప్పుడు కొన్ని వచ్చాయి. టిక్ టిక్‌లు దగ్గరవుతుంటే ఆమె ఆపేసింది. అప్పుడు చెకింగ్ పెట్టింది, కాపీ మీద. "అతుకులేమన్నా ఉంటే ఇక్కడ వెయ్యాలి బాబాయ్."

ఆరువందల నలభైలో తొమ్మిది తెరుచుకోలేదు.

మాలకొండయ్య ఆ తొమ్మిది పేర్లూ కాగితం మీద రాసుకుని ఇంటికి పోయాడు. వారం తర్వాత వచ్చినప్పుడు అతని చేతిలో చెంచమ్మ పాత చీర ఉంది. అందులో ఒక అంచు దొరికింది, భూతద్దం పెట్టి పోగులు లెక్కబెట్టుకుంటున్నాడు. ఇరుగుపొరుగు పెట్టెల్లోంచి ఏడు దొరికాయి. ఒకటి మాత్రం ఎవరి దగ్గరా లేదు.

"ఏది?"

"జంట నెమళ్లు. మా మేనమామ గీసింది. మెడ వంపు గుర్తుంది. ఎన్ని పోగుల మీద తిప్పాడో గుర్తు రావట్లా."

జహీరున్నీసా చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టింది. "మొదటి రోజే నిన్నొక మాట అడగాల్సింది బాబాయ్. అడగలా. వదిలెయ్యమన్నా."

"నేనూ అతక్కుండా వదల్లేదుగా," అన్నాడతను. "ఇద్దరం కలిసే పోగొట్టాం."

ఆమె ఈ వారంలో తీసిన రెండో కాపీ ఉన్న డిస్కును సంచిలో వేసి ఇచ్చింది. "ఇది మీ ఇంట్లో వద్దు. వేటపాలెంలో మీ అమ్మాయి దగ్గర పెట్టు."

ఫోను మోగింది. ఎవరో స్కూలు నుంచి. నూరు శాతం అంటున్నారు. పాత జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగింది.

"డిస్కు పేజీలో రెస్పాన్స్ టైమ్ అని ఉంటుంది, ఆ అంకె చదవండి… నలభయ్యా? చదివే వేగం ఎంతుంది?… అయితే ఏదో ప్రోగ్రామే. దిగేదాకా ఆగండి. ఆగేముందు ఒక మాట. అందులో ఉన్నవి ఇంకెక్కడన్నా ఉన్నాయా?"

మాలకొండయ్య గుమ్మంలో నిలబడి విన్నాడు. తర్వాత చీర చంకలో పెట్టుకుని, వేలితో గాల్లో ఒక వంపు గీస్తూ, అది సరిగా రాక మళ్లీ గీస్తూ రోడ్డు దాటాడు.