గోల్‌కీపర్ ఆఖరి జవాబు

పేపరాఫీసు స్పోర్ట్స్ డెస్కులో ఆవిణ్ణి అందరూ జల్లెడక్క అంటారు. ఆటగాళ్ల ఇంటర్వ్యూల్లోంచి "అంటే"లు, "మరేమో"లు, నసుగుళ్లు పైన ఆపేసి, పిండి మాత్రం కిందికి వదులుతుందని. మొదట్లో ఉడుక్కునేది. తర్వాత తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే తనే వెనక్కి తిరిగి చూసేది, ఎవర్నబ్బా అని.

చదువు పదో తరగతి. టైపింగు నేర్చుకుని ఒక ప్లీడరు దగ్గర చేరి, సాక్షులు చెప్పింది చెప్పినట్టు కొట్టేది. అక్కణ్ణుంచి పేపర్లో టైపిస్టుగా వచ్చింది. వచ్చిన కాపీల్లో తప్పులు దిద్దుతూ దిద్దుతూ డెస్కు మీదికి చేరింది. పని ఎవరూ నేర్పలేదు, చేతులు కాల్చుకుంటూ నేర్చుకుంది. మొగుడు సిటీ బస్సు డ్రైవరు. "ఇంట్లో కూడా సగం మాట కోసేసి మిగతాదే వింటుంది," అని చుట్టాల దగ్గర వాపోతాడు. "మిగతాదాంట్లోనే విషయం ఉంటుంది మరి," అంటుంది ఆవిడ.

ఆ సాయంత్రం ఆవిడ ముందుకి వచ్చింది ఊరి ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపర్ ఇంటర్వ్యూ. మ్యాచ్ ఆఖర్లో ఒక్క గోల్‌తో ఓడిపోయారు. రిపోర్టరు అతణ్ణి డ్రెస్సింగ్ రూం బయట పట్టుకుని ఫోన్లో రికార్డు చేశాడు. ఆ ఫోనే దానంతటది టైపు చేసి పెట్టింది. చుక్కా లేదు, కామా లేదు. ప్రశ్న ఎక్కడ ఆగిందో, జవాబు ఎక్కడ మొదలైందో దేవుడికే తెలియాలి.

"చూస్తున్నావుగా అక్కా, మనిషి మాట్లాడితే ముళ్లకంపలో చీర లాగినట్టుంటుంది," అన్నాడు రిపోర్టరు.

"మాట్లాడ్డం ఆయన పని కాదు నాయనా. బంతి పట్టుకోవడం ఆయన పని."

"అది కూడా పట్టుకోలేదుగా ఇవాళ!"

నవ్వుకుంటూనే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, రికార్డింగు వింటూ కాగితం మీది ముక్కని సరిచూసుకోవడం మొదలుపెట్టింది. మనిషి అన్న మాటని అన్నట్టే వేసే కోట్ ఏదైనా సరే, వినకుండా ఆవిడ ముట్టుకోదు.

గోల్ ఎలా పడిందన్న ప్రశ్నకి జవాబు ఇలా ఉంది: "అది అంటే చూడండి మా పొడుగోడు వదిలేశాడు కదా బంతిని వదిలేశాడు వదలకపోతే అది గోల్ లేదు అది నిజమే కానీ అంటే" అంతలో రిపోర్టరే అడ్డం పడి రిఫరీ గురించి అడిగాడు. ఆ "కానీ" గాల్లోనే ఉండిపోయింది. పొడుగోడంటే జట్టులో వెనక ఆడే డిఫెండరు. పోయిన నెలే జట్టులోకి వచ్చాడు. అతన్ని ఉంచాలా తీసేయాలా అని మర్నాడు పొద్దున కోచ్ తేలుస్తాడని అదే వార్తలో రిపోర్టరే రాశాడు.

రిఫరీ గురించి, వాన గురించి, గాయాల గురించి అయిపోయాక చిట్టచివర తర్వాతి మ్యాచ్ సంగతి అడిగితే, కీపరు ఆ ప్రశ్న వదిలేసి ఉన్నట్టుండి ఇలా అన్నాడు: "తర్వాతిది తర్వాత అండీ నేను అరవలేదు నాది అని అరవాలి కీపరు అరవాలి వాడు నేను వస్తాననే వదిలాడు రోజూ ప్రాక్టీసులో వస్తాను ఇవాళ రాలేదు అరవనూ లేదు."

జల్లెడక్క ఇయర్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది. ఆ మనిషి ఇంటర్వ్యూ మొత్తం ఆ ఒక్క మాట మోస్తూ తిరిగాడు, దించుకోవడానికి చోటు దొరక్క.

పని మొదలుపెట్టింది. పదే పదే వచ్చినవి తీసేసింది, ఆగినచోట చుక్క పెట్టింది. అతని నోట్లో లేని ఒక్క మాట కూడా పెట్టలేదు. మొదటి జవాబునీ ఆఖరి జవాబునీ ఒకే కోట్‌లో కలపడం ఆవిడకి గిట్టదు. మధ్యలో నాలుగు ప్రశ్నలు నడిచినప్పుడు రెండూ ఒక్క గుక్కలో అన్నట్టు అతికితే అది అబద్ధమే. అందుకని జరిగింది జరిగినట్టు ఉండాలని జవాబులు వచ్చిన వరసలోనే పేర్చి, ఆఖరి జవాబుని ఆఖర్నే పెట్టి, పేజీకి పంపింది. పొరపాటు అక్కడే జరిగింది.

అచ్చుకి ముందు సరిచూసే ప్రూఫ్ వచ్చేసరికి పేజీ మీద కొత్త ప్రకటన ఒకటి కూర్చుని ఉంది. చోటు చాలక పేజీ పెట్టేవాడు ఎప్పటిలాగే వార్తని కిందినుంచి కోసేశాడు. పైన అసలు సంగతి, కింద కొసరు ఉంటాయని కదా లెక్క. ఈ వార్తలో మాత్రం అసలు సంగతి కిందే ఉంది. ఇప్పుడు మిగిలింది "మా పొడుగోడు బంతిని వదిలేశాడు. వదలకపోతే అది గోల్ లేదు" అన్న ముక్కే. డెస్కు చీఫ్ దాని మీద పెద్దక్షరాలతో హెడ్డింగు కూడా పెట్టేశాడు: 'పొడుగోడు వదిలేశాడు.'

ప్రతి మాటా కీపరు అన్నదే. కలిపి చదివితే కీపరు అనని మాటే.

ఆవిడ ప్రూఫ్ పట్టుకుని చీఫ్ బల్ల దగ్గరికి వెళ్లింది. "దీన్నిలా వదలకూడదు సార్."

"ఏం? అన్నాడా, అనలేదా?"

"అన్నాడు. ఆ తర్వాత తనే అరవలేదని కూడా అన్నాడు. అది కోతలో పోయింది."

"చోటు లేదమ్మా. హెడ్డింగు చూడు, అదిరిపోలేదూ?"

"అదిరేది రేపు ఆ డిఫెండరు పిల్లాడి కొంప సార్. నా తప్పే, కింద పెట్టాను. నాకు లైన్లు ఎక్కువ వద్దు, ఉన్నవాటిలోనే సర్దుతాను."

చీఫ్ గడియారం చూశాడు, ఆవిణ్ణి చూశాడు. "సర్దు. పేజీ ఆగదు."

సర్దాలంటే ఏదో ఒకటి పోవాలి. రిపోర్టరు మొదట్లో రాసిన వర్ణన ఉంది, మబ్బులు, ఈలలు, తడిసిన జెర్సీలు. దాని మీద గీత కొట్టింది.

"అక్కా! ఆ ఒక్క పేరాకే నేను చెమటోడ్చింది!" రిపోర్టరు లబలబలాడాడు.

"మబ్బులు నీవి. అవి లేకపోయినా ఎవరికీ నష్టం లేదు."

మొదటి కోట్‌ని మూసేసింది. దాని కిందే తన మాటల్లో "ఆ తర్వాత వేరే ప్రశ్నకు బదులిస్తూ, అడగకుండానే మళ్లీ ఆ గోల్ దగ్గరికే వచ్చాడు" అని రాసి రెండో కోట్ తెరిచింది: "నేను అరవలేదు. నాది అని కీపరు అరవాలి. నేను వస్తాననే వాడు వదిలాడు." రిఫరీ మాటలు కిందికి తోసింది. కోస్తే అవే పోతాయి. హెడ్డింగు 'నేను అరవలేదు: కీపర్' అని మారింది. చీఫ్ పెదవి విరిచాడు గానీ, సంతకం పెట్టాడు.

మర్నాడు మధ్యాహ్నం రిపోర్టరు ఫోన్ పట్టుకుని ఆవిడ బల్ల దగ్గరికి వచ్చాడు. మొహం అదోలా ఉంది. "పొడుగోణ్ణి ఉంచారక్కా. వచ్చే మ్యాచ్‌కి కీపర్ని పక్కన కూర్చోబెట్టారు. పేపరు చూసే అన్నాట్ట కోచ్, తప్పు ఒప్పుకున్నాడుగా అని. కీపరే లైన్లో ఉన్నాడు, రాసినవాళ్లతో మాట్లాడాలట."

జల్లెడక్క చేతిలో ఉన్న కాపీ కింద పెట్టింది. ఒకణ్ణి కాపాడబోయి ఇంకొకణ్ణి ముంచానా? ఫోన్ అందుకుంది. "చెప్పండి బాబూ."

"అంటే... మేడం... చూడండి, నేను... అది నేనన్నదే కదా?"

"మీరన్నదే. కావాలంటే రికార్డింగు వినిపిస్తాను."

"వద్దులెండి. మా ఆవిడ చదివి, నువ్వేనా ఇంత తిన్నగా మాట్లాడింది అంది. నేనే అన్నాను. అంటే... అనాలనుకున్నది అదే. పేపర్లో పడింది. పడనీండి."

"ఒక మ్యాచే కదా బాబూ."

"ఆఁ, ఒకటే. వాడు నాకు ఫోన్ చేశాడు పొద్దున్నే, పొడుగోడు. ఏడ్చాడు వెధవ," అని నవ్వబోయి, నవ్వు సగంలో ఆగి, ఫోన్ పెట్టేశాడు.