అన్నిటికంటే పైన పెట్టిన లైను

ఆ రోజు మేనేజరు గారి గదిలో నేను అన్నది ఒక్క ముక్క: "నాకు గుర్తు లేదండి." గుర్తుంది. రామచంద్రపురం కౌంటరు ఆవిడకి ఫోన్లో ఏం చెప్పానో, ఆవిడ ఎదురు ఏం అడిగిందో, నేనేం మాటిచ్చానో, అన్నీ గుర్తున్నాయి. గుర్తుందని మాత్రం చెప్పలేదు.

భీమవరంలో రొయ్యల పరీక్షలు చేసే ల్యాబులో కంప్యూటర్లూ సర్వరూ చూసుకునేది నేను. రైతులు చెరువు నీళ్ళు సీసాల్లో, రొయ్యలు ఐసు పెట్టిన థర్మాకోల్ డబ్బాల్లో తెస్తారు. తెల్లమచ్చ జబ్బు ఉందా లేదా అన్నది మేం తేల్చి చెబుతాం. మాకు ఇక్కడ ల్యాబు, బయట ఊళ్ళలో కౌంటర్లు. రిపోర్టులన్నీ భీమవరంలోని ఒక్క డేటాబేసులో ఉంటాయి, కౌంటర్లలోని కంప్యూటర్లు ఇంటర్నెట్ మీదుగా దానికి కనెక్టవుతాయి. ఏ చెరువులో జబ్బు ఉందో రైతుకంటే ముందు కొనుగోలు ఏజెంటుకి తెలిస్తే ఆ సరుకుకి ధర ఉండదు. అందుకే మాతో పెద్ద పని చేయించుకునే ఒక ఎగుమతి కంపెనీ వాళ్ళు ఒక షరతు పెట్టారు. డేటాబేసుకి వచ్చే ప్రతి కనెక్షనూ ఎస్ఎస్ఎల్ మీదే రావాలి, అంటే దారిలో ఎవరు విన్నా అర్థం కాకూడదు. మామూలు కనెక్షను వస్తే సర్వరు తిప్పి పంపేయాలి. తనిఖీకి వాళ్ళ మనిషి వస్తాడు.

ఆ పని నాకిచ్చారు. సర్వరుకి సర్టిఫికెట్ చేశాను. దాన్ని గుర్తుపట్టడానికి కావలసిన మూల సర్టిఫికెట్ ప్రతి కౌంటరుకీ తీసుకెళ్ళి పెట్టాను. ఎవరు ఎక్కడి నుంచి ఎలా రావచ్చో వరసగా రాసి ఉండే ఫైలు ఒకటి సర్వరులో ఉంటుంది. అందులో host అని ఉన్న లైన్లన్నీ hostssl అని మార్చాను. మొదటిదైతే ఎలా వచ్చినా రానిస్తుంది, రెండోది ఎస్ఎస్ఎల్ మీద వస్తేనే రానిస్తుంది.

రామచంద్రపురం కౌంటరు ఇన్‌చార్జి ఒకావిడ. కంప్యూటరు డిగ్రీ చేసి, పెళ్ళయ్యాక సొంతూళ్ళోనే ఉద్యోగం చూసుకుంది. డేటాబేసు సంగతులు నేర్చుకుంటానని ఫోన్ చేసి మరీ ప్రశ్నలు అడిగేది. నన్ను అన్నయ్యగారూ అనేది. నేను వెళ్ళి ఆవిడ టేబుల్ మీది కంప్యూటరు కనెక్టయిందని చూపించి బ్యాగు సర్దుకుంటుంటే ఆపింది.

"అయిపోయిందా అండి?"

"అయిందిగా, కనెక్టయింది."

"కనెక్టవడం నిన్న కూడా అయిందండి. ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు తాళం వేసి ఓసారి లాగి చూడమా? ఎస్ఎస్ఎల్ తీసేసి ప్రయత్నించండి, రానివ్వకూడదు కదా."

నిజమే. ఎస్ఎస్ఎల్ మోడ్‌ని disable అని, అంటే వద్దని, పెట్టి ప్రయత్నించాను. ఎస్ఎస్ఎల్ లేకుండా మీకు ఇక్కడ ఎంట్రీ లేదని సర్వరు తిప్పి కొట్టింది. ఆ తర్వాత వేరే మూల సర్టిఫికెట్ పెట్టి చూశాను. ఈ సర్వరు ఎవరో నాకు తెలియదని మా కంప్యూటరే ఆగిపోయింది. సర్వరు పేరు బదులు ఐపీ నంబరు ఇచ్చాను. సర్టిఫికెట్‌లో ఉన్న పేరుతో కలవలేదని మళ్ళీ ఆగింది.

"ఒక్కటీ రానివ్వలేదు! బాగుందండి," అని నవ్వింది. ఒక పని చెడినందుకు సంతోషించిన మనిషిని అప్పుడే చూశాను. మిగతా కౌంటర్లలో కూడా అలాగే లాగి చూశాను. పద్ధతి నాదేనని చెప్పుకున్నాను.

ఆ కౌంటరులో మూలన ఇంకో కంప్యూటరు ఉంది. రిపోర్టులు ప్రింటు తీసే పాతది. దాని సంగతి నేనూ మర్చిపోయాను, ఆవిడా మర్చిపోయింది. మర్నాడు పొద్దున ఫోన్ వచ్చింది.

"అన్నయ్యగారూ, ప్రింటు రావట్లేదండి. జనం నిలబడి ఉన్నారు."

వెనక ఒక రైతు గొంతు నాకూ వినిపించింది. "ఏంటండీ, రొయ్యలు చచ్చాక ఇస్తారా రిపోర్టు? అప్పుడైతే మాకే తెలుస్తుంది కదండీ!" ఇంకెవరో నవ్వారు.

ఆ కంప్యూటరులో డేటాబేసు డ్రైవరు, అంటే డేటాబేసుతో కలిపే సాఫ్ట్‌వేరు, బాగా పాతది. మా సర్వరు ఒప్పుకునే ఎస్ఎస్ఎల్ పద్ధతి దానికి రాదు. కొత్త డ్రైవరు వేస్తే సరిపోయేది. కానీ దూరం నుంచి ఆ కంప్యూటరులోకి వెళ్ళే సదుపాయం నాకు లేదు, ఇక్కడ మేనేజరు గారు వేరే పని మీద కేకలేస్తున్నారు. నేను సర్వరు ఫైలు తెరిచి, అన్నిటికంటే పైన ఒక host లైను పెట్టాను. ఆ కౌంటరు ఇంటర్నెట్ అడ్రసు రోజూ మారుతుంది కాబట్టి ఏ అడ్రసు నుంచైనా అని రాశాను. సర్వరు ఆ ఫైలుని పైనుంచి చదువుతుంది. కలిసిన మొదటి లైను దగ్గర ఆగిపోతుంది, కింద ఏముందో చూడదు. అంటే కౌంటర్లు తిరిగి నేను మార్చిన లైన్లన్నిటికీ ఆ క్షణం నుంచి పని లేదు. అది నాకు తెలుసు. తెలిసే పెట్టాను.

"ఆ పాతదాంట్లో disable అని పెట్టేయమ్మా," అన్నాను.

"అలా పెడితే రానివ్వకూడదు కదండీ?"

"ఇప్పుడు రానిస్తుంది. నేను చూసుకుంటాను."

"సాయంత్రం తీసేస్తారుగా?"

"తీసేస్తానమ్మా."

తీయలేదు. మర్చిపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మొదటి వారం గుర్తుంది. రామచంద్రపురం దాకా వెళ్ళి డ్రైవరు మార్చి రావడానికి బద్ధకించాను. మర్చిపోవడం ఆ తర్వాతే.

తనిఖీకి వచ్చినాయన లాప్‌టాప్ తెరిచి, ముందే disable అని పెట్టి ప్రయత్నించాడు. సర్వరు లోపలికి రానిచ్చింది. ఆ తర్వాత ఎవరెవరు ఎస్ఎస్ఎల్ మీద ఉన్నారో సర్వరుని అడిగాడు. అందరికీ అవును అని వచ్చింది, ఒక్క రామచంద్రపురం ప్రింటు కంప్యూటరుకి మాత్రం కాదు అని వచ్చింది. ఆయన టీకి బయటికి వెళ్ళాడు. ఆ కాసేపట్లో నేను పై లైను తీసేసి, సర్వరు చేత ఫైలు మళ్ళీ చదివించాను. ఆయన తిరిగొచ్చి ప్రయత్నిస్తే ఈసారి కుదరలేదు.

"ఏం మార్చారు?" అన్నాడు.

"ఒక సెట్టింగు సరిగ్గా లోడు కాలేదండి," అన్నాను.

ఆయన తల ఊపాడు. కానీ ఆ కౌంటరులో ఎస్ఎస్ఎల్ ఎవరు ఆపారో రాసివ్వాలన్నాడు.

ఆవిణ్ణి భీమవరం పిలిపించారు. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో సంచీ ఉంది. మేనేజరు గారు, ల్యాబు హెడ్డు, నేను కూర్చుని ఉన్నాం. ఆవిణ్ణి ఎవరూ కూర్చోమనలేదు.

"ఆ కంప్యూటరులో సెట్టింగు మార్చింది నువ్వేనా?"

"నేనేనండి. అన్నయ్యగారు ఫోన్లో చెబితే మార్చాను."

మేనేజరు గారు నావైపు తిరిగారు. "ఏంటయ్యా?"

"నాకు గుర్తు లేదండి."

అప్పుడు నాకు భయం వేయలేదు, సిగ్గూ వేయలేదు. దంతాల డాక్టరు సూది వేశాక పెదవి మనది కానట్టుంటుంది కదా, నోరు అలా ఉంది. ఆవిడ నావైపు చూసింది. గొడవ పడుతుందనుకున్నాను.

"సరేనండి," అంది, మేనేజరు గారితో.

తనిఖీలో పాసయ్యాం. ఎగుమతి కంపెనీ పని మాకే ఉంది. "మనవాడు చేశాడంటే చేశాడంతే," అని మేనేజరు గారు నా భుజం తట్టారు. ఆవిడని కంప్యూటర్ల దగ్గరినుంచి తప్పించి డబ్బాలు దింపుకునే పనికి మార్చారు. పాత కంప్యూటరుకి కొత్త డ్రైవరు వేయడానికి నేను వెళ్ళిన రోజు, ఆవిడ తడిచేతులతో డబ్బాల మీద చెరువుల పేర్లు అంటిస్తోంది. "టీ తాగుతారా సార్?" అంది. వద్దన్నాను. కొన్నాళ్ళకి ఉద్యోగం మానేసింది. రైసుమిల్లులో లెక్కలు రాస్తోందని ఎవరో అన్నారు. విన్నాను, వెళ్ళి నా పని చూసుకున్నాను.

అలా ఎన్నాళ్ళయినా ఉండేవాణ్ణే. ఈ మధ్య సర్టిఫికెట్ల గడువు దగ్గరపడితే కొత్తవి పెడుతూ మేనేజరు గారి గదిలో ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆయనకి ఫోన్ వచ్చింది. రాజమండ్రిలో ఏదో ఆసుపత్రి వాళ్ళు. ఆవిడ వాళ్ళ దగ్గర డేటాబేసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుందట, మనిషి ఎలాంటిదని అడుగుతున్నారు.

"పనిమంతురాలేనండి," అన్నారు మేనేజరు గారు. "కానీ ఒకసారి సెక్యూరిటీ తనే ఆపేసింది. పైగా మావాడి మీదకి తోసింది. పేషెంట్ల వివరాలంటున్నారు, మీరే ఆలోచించుకోండి." ఫోన్ పెట్టేసి నన్నడిగారు. "అంతేగా?"

నేను స్క్రీన్ వైపు తిరిగాను. disable పెట్టి ప్రయత్నిస్తే, ఎంట్రీ లేదని వచ్చింది. అంతా సరిగ్గా ఉంది.

బయటికొచ్చి, రోడ్డు పక్కన ఐసు లారీ వెనక నిలబడి ఆవిడకి ఫోన్ చేశాను. మిల్లు చప్పుడు వినిపిస్తోంది. నేనెవరో చెప్పాను. ఆ రోజు ఫోన్లో చెప్పింది నేనేనని, గుర్తు లేదన్నది అబద్ధమని చెప్పాను.

"నాకు తెలుసు కదండీ," అంది. "ఆ ఫోన్లో అటువైపున్నది నేనే కదా."

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నాకు చెప్పి ఏం లాభం సార్? తెలియంది వాళ్ళకి. అక్కడ చెప్పండి."

మర్నాడు ఆ గదిలోనే, మేనేజరు గారి ముందు, ల్యాబు హెడ్డు ముందు చెప్పాను. లైను పెట్టింది నేను. ఏ అడ్రసుకైనా దారి తెరిచింది నేను. సాయంత్రం తీసేస్తానన్నది నేను. తనిఖీకి వచ్చినాయన టీ తాగొచ్చే లోపల తీసేసి దాచిందీ నేనే. ఆవిడ చేసింది నేను చెప్పింది మాత్రమే, అది కూడా వద్దేమో అని అడిగి మరీ.

"ఇప్పుడెందుకయ్యా ఇదంతా?" అన్నారు మేనేజరు గారు. "అయిపోయిందిగా."

"ఆవిడకి అవలేదండి. నిన్న మీరు ఆసుపత్రి వాళ్ళతో అన్నారుగా."

ఆయన మొహం ఎర్రబడింది. "నీ సంగతి తర్వాత చూస్తాను," అన్నారు. చూడండి అన్నాను. ముందు ఆసుపత్రికి ఫోన్ చేయమన్నాను. విసుక్కుంటూనే చేశారు. నిన్న చెప్పింది తప్పని, తప్పు ఆవిడది కాదని, భీమవరం ఆఫీసు మనిషిదని చెప్పారు. అటువైపు వాళ్ళు ఏమన్నారో నాకు వినపడలేదు. ఉద్యోగం ఇస్తారో లేదో తెలియదు.

తర్వాత ఆవిడకి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి టేబుల్ మీద ఉంచారు. నా నోరు ఇంకా ఆ రోజులాగే మొద్దుబారి ఉంది. అయినా మాట వచ్చింది.

"అమ్మా, నేను. మేనేజరు గారూ హెడ్డు గారూ వింటున్నారు. ఆ రోజు disable పెట్టమన్నది నేనే. నువ్వు అడిగావు, తీసేస్తానన్నాను, తీయలేదు. ఈ గదిలో నిన్ను నిలబెట్టినప్పుడు నాకు అంతా గుర్తుంది. గుర్తు లేదని అబద్ధం చెప్పాను. తప్పు నాది, నీది కాదు. నన్ను క్షమించు."