మూడు మాస్టారు

కాలేజీలో ఆ లెక్కల మాస్టారిని పిల్లలు చాటుగా "మూడు మాస్టారు" అంటారు. పదకొండుకి ప్రిమిటివ్ రూట్ వెతికే పాఠం వచ్చిందంటే చాలు, ఆయన ప్రతి ఏడూ మూడుతోనే మొదలుపెట్టి బోర్లా పడతారు మరి. మూడుతో గుణించుకుంటూ పోయి, పదకొండుతో భాగిస్తే మిగిలే శేషాలు వరసగా రాస్తారు: 3, 9, 5, 4, 1. ప్రిమిటివ్ రూట్ అయితే ఒకటి నుంచి పది దాకా అన్నీ రావాలి, కానీ ఐదో అడుగుకే ఒకటి వచ్చి కూర్చుంటుంది, ఇక మళ్లీ అవే అంకెలు. "అయ్యయ్యో!" అని ఆయన తల పట్టుకుంటారు. ముప్పై ఏళ్లయినా ఈయనకి బుద్ధి రాలేదని పిల్లలు కిసుక్కుమంటారు.

ఈ ఏడు ఆ పేరు ఆయన చెవిన పడింది. రోషం పొడుచుకొచ్చింది. సరాసరి రెండుతో మొదలుపెట్టారు: 2, 4, 8, 5, 10, 9, 7, 3, 6, 1. పదీ వచ్చేశాయి! ఒకటి రావడానికి పది అడుగులు, అంటే ఆర్డర్ పది, రూట్ దొరికింది. ఠీవిగా వెనక్కి తిరిగేసరికి సగం క్లాసు ఆవలిస్తోంది.

వెనక బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, ఎలాగూ అన్నీ వచ్చేస్తున్నాయిగా, ఇంక పరీక్షించడం దేనికి? ఏ అంకె తీసుకున్నా ఒకటేగా?"

మాస్టారు డస్టర్ తీసి, అంత ముచ్చటగా రాసుకున్న వరసంతా తుడిచేశారు. బోర్డు మీద ఇంత లావు మూడు వేసి, చాక్‌పీసు ఆ అమ్మాయి చేతిలో పెట్టారు.

"ముప్పై ఏళ్లుగా మీకోసం నేనే బోర్లా పడుతున్నాను. ఈసారి నువ్వు పడు తల్లీ."