చెవుల వీడియోకు మూడు రూపాలు

అప్పట్లో నేను మేము వలస వెళ్లిన మగ్గాల నగరంలో, ఆల్థాన్ అనే పేటలో, ఒక చిన్న వీడియో ఆఫీసులో స్క్రిప్టులు రాసేదాన్ని. ఆ వారం ఒక చెవి డాక్టరుగారి పని వచ్చింది. మగ్గాల మోతకు కార్మికుల వినికిడి పోతోంది, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోండి అని చెప్పాలి. విషయం ఒక్కటే, వీడియోలు మూడు. ఇన్‌స్టాకు మొదటి రెండు సెకన్లలోనే నవ్వు రావాలి, లేకపోతే కుర్రవాళ్లు ఆగరు. లింక్డిన్‌లో చూసేది కార్ఖానా యజమానులు కాబట్టి, కార్మికులకు చెవి పరీక్షలు చేయించమని మర్యాదగా అడగాలి. వాట్సాప్‌ది మాలాగే వలస వచ్చి మగ్గాల మీద పనిచేసే మనవాళ్ల కోసం, తెలుగులో.

ఇన్‌స్టా జోకు మా ఇంట్లోంచే తీసుకున్నాను. మా బాపు ఏళ్లుగా పవర్‌లూమ్ నడుపుతున్నాడు. అమ్మ వంటింట్లోంచి "చాయ్" అంటే, "ఏ భాయ్ వచ్చిండు?" అని తలుపు వైపు చూస్తాడు. అదే హిందీలో రాశాను. నటుడు అచ్చం బాపులాగే తల తిప్పాడు. ఆఫీసులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. డాక్టరుగారు సరేనన్నారు. మర్నాడు సాయంత్రం ఆరింటికి మూడూ పెట్టేయాలని మా ఆఫీసు సార్ ఆర్డరు.

ఆ మర్నాడు పొద్దున లేచిన దగ్గర్నుంచీ నాకు ఏదో దిగులు. ఎందుకో తెలియలేదు. వాట్సాప్ వీడియో ఒకసారి బాపుకు చూపిద్దామని మధ్యాహ్నం అదే ఊళ్లో ఉధ్నా వైపు ఆయన పనిచేసే కార్ఖానాకు వెళ్లాను. మగ్గం పక్కనే నిలబడి ఫోను చేతికిచ్చాను. నేను ఎంతో శ్రద్ధగా రాసిన మాటలు ఆ మోతలో ఒక్కటీ వినబడలేదు. కింద అక్షరాలు చదివేలోపే మారిపోతున్నాయి. బాపు చేయి ఊపి నన్ను బయటికి తీసుకొచ్చాడు.

"బొమ్మలు ఉరుకుతున్నయ్ బిడ్డా. జర ఆగాలె గద," అంటూ తెర మీద వేలు జరిపాడు. తర్వాతి వీడియో మొదలైంది. అది ఇన్‌స్టాది.

ఫోను లాక్కోవాలనిపించింది, కానీ చేయి రాలేదు. ఆయన ఫోనును చెవికి ఆనించుకుని ఒకసారి విన్నాడు. మళ్లీ కళ్ల ముందు పెట్టుకుని చూశాడు.

"గిది నేనే గద?"

"అది కాదు బాపూ... నవ్వు రాకుంటే ఎవ్వరూ చూడరు..."

"నవ్వనీ. నాకూ నవ్వొచ్చింది. గని గాయన గట్ల ఎందుకయిండో చూపెట్టలే నువ్వు. చూసెటోళ్లు ఆయన్నే తిక్కలోడంటరు."

ఆయన కోపంగా అనలేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది. వీడియోలు మార్చాలని సార్‌కు ఫోను చేశాను. ఆయన ఆడవాళ్లందరినీ 'బెన్' అనే అంటారు, మనం అక్కా అన్నట్టు.

"డాక్టర్ ఓకే చేశాక మళ్లీ ఏంటి బెన్? ఇన్‌స్టాలో ఏడుపు నడవదు. ఆరు దాటితే బాధ్యత నీదే," అని పెట్టేశారు.

వెంటనే డాక్టరుగారికి చేశాను. పేషెంట్ల మధ్యలో ఎత్తారు. అంతా విని, "జోకు ఉంచండి, కారణం కలపండి. ఇలా పోయిన వినికిడి తిరిగి రాదని, ఉన్నదే కాపాడుకోవాలని మాత్రం తప్పకుండా చెప్పండి," అన్నారు.

కార్ఖానా యజమాని సేఠ్‌ను బతిమాలి అక్కడే ఫోనుతో తీశాను. జోకు అయిన వెంటనే బాపు వీపు, ఎదురుగా కొట్టుకుంటున్న మగ్గం, పూర్తి మోత. ఆ మోతలో ఆయన్ను పిలుస్తున్న తోటి మనిషి పెదవులు కదులుతాయి, మాట వినబడదు. చివర తెర మీద డాక్టరుగారి మాట: పోయిన వినికిడి తిరిగి రాదు, ఉన్నదే కాపాడుకోండి. వాట్సాప్‌దాంట్లో గొంతు మొత్తం తీసేశాను. బాపు చేతులే కనిపిస్తాయి: కడుక్కోవడం, మెత్తటి ప్లగ్గును సన్నగా నలపడం, ఇంకో చేత్తో చెవిని పైకి లాగి లోపలికి తోయడం, ఉబ్బేదాకా వేలితో పట్టుకోవడం. ఒక్కోదాని మీద పెద్ద అక్షరాల్లో నాలుగే నాలుగు మాటలు. లింక్డిన్‌ది ముట్టుకోలేదు.

ఎడిటింగ్ అవుతున్నంతసేపూ గడియారమే చూశాను. ఆరుకు రెండు నిమిషాల ముందు మూడోది ఎక్కింది.

ఇన్‌స్టాది సార్ ఆశించినంత నడవలేదు. ఆ తర్వాత నవ్వించే పనులు ఇంకొకరికి ఇచ్చారు. వాట్సాప్‌ది మాత్రం తిరిగి తిరిగి మా బాపు ఫోనుకే వచ్చింది. ఊరికి అవతల ఇచ్ఛాపూర్ నుంచి మనవాడే ఒకాయన పంపుతూ, "అన్నా, గివి నీ చేతులే గద?" అని అడిగాడట.

బాపు ప్లగ్గులు వాడుతున్నాడు, కానీ ఒక్క చెవికే. "రెండూ పెడితే దారం తెగి మగ్గం సప్పుడు మారింది తెలుస్తలేదు," అన్నాడు. డాక్టరుగారిని అడిగితే రెండూ పెట్టుకోవాల్సిందేనన్నారు, ఆ మాట ఆయనకు చేరవేశాను. సరే అని తలూపాడు. లోపలికి వెళ్లాక ఏం చేస్తాడో నాకు తెలియదు.