భార్యతో కలిసి అన్న మాట

లోగనాయకికి తప్పులు పట్టడమంటే తిండి కంటే ఇష్టం. ముప్ఫై మూడేళ్లు సర్కారు ఆఫీసులో సర్క్యులర్లు టైపు చేసి, దిద్ది, సూపరింటెండెంటుగా రిటైరయిన మనిషి. పెళ్లిపత్రిక చేతికిస్తే పెళ్లికొడుకు పేరు కంటే ముందు కామాలు చూస్తుంది. ముత్తియాల్‌పేటలో దిగి "ప్రూఫ్ అక్క ఇల్లు" అంటే ఆటోవాడు నేరుగా ఆమె గుమ్మం ముందు దింపుతాడు.

చుట్టూ అరవం మాట్లాడే ఆ పేటలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలకి ఒక అమ్మవారి గుడి ఉంది. ఆడి నెలలో, అంటే ఆషాఢం రోజుల్లో, ఇంటింటి నుంచీ పాల్‌కుడం, అంటే పాలు నింపిన కుండ, నెత్తిన పెట్టుకుని ఊరేగింపుగా వెళ్లి అభిషేకం చేయిస్తారు. కుండ ఎత్తాలంటే ముందు గుడి సంఘంలో పేరివ్వాలి, పూజారి చేత మణికట్టుకి కాపు, అంటే పసుపుదారం, కట్టించుకోవాలి. ఇదంతా చెప్పే సర్క్యులర్ పదకొండేళ్లుగా లోగనాయకి చేతిమీదుగానే అచ్చుకి పోతోంది. ఇళ్లల్లో మాట తెలుగే గానీ తెలుగు అక్షరాలు చదివేవాళ్లు పట్టుమని పదిమంది లేరు గనక, అది అరవంలో ఉంటుంది.

ఆ ఉదయం సంఘం ప్రెసిడెంటు ఆదికేశవన్ నిరుటి కాగితం తెచ్చి బల్లమీద పెట్టాడు. "తేదీలు మాత్రం మార్చు లోగా. సాయంత్రానికి ప్రెస్సుకి పోవాల" అని, కాఫీ కూడా తాగకుండా స్కూటరెక్కాడు.

తేదీలు మార్చడానికి అయిదు నిమిషాలు పట్టింది. తరవాత అలవాటు కొద్దీ మొదటి నుంచీ చదివింది. నాలుగో వాక్యం దగ్గర పెన్ను ఆగింది. 'కుడుంబ తలైవర్ తన్ మనైవియుడన్' వచ్చి పేరివ్వాలి. కుటుంబ పెద్ద తన భార్యతో కలిసి.

ఆమె భర్త రవిచంద్రన్ పోయిన తై నెలలో, సంక్రాంతి రోజుల్లో, కన్నుమూశాడు. ప్రతి ఆడికీ ఆమె కుండ ఎత్తితే పక్కన నడుస్తూ, పాలు తొణికి తన చొక్కామీద పడుతున్నాయని దారిపొడుగునా సణిగేవాడు. ఇప్పుడు ఈ ఇంట్లో ఆ తలైవరూ లేడు, ఆయన మనైవీ లేదు. మిగిలింది లోగనాయకి. ఆమెకి ఆ వాక్యంలో చోటు లేదు.

లేచి నీళ్లు తాగింది. ఫ్యాన్ ఆపింది, మళ్లీ వేసింది. కూర్చోబోయి, కూర్చోలేక, వీధి గుమ్మందాకా పోయి వచ్చింది. ఈ దిక్కుమాలిన వాక్యం ఎవరు రాసినట్టు? అడగక్కర్లేదు. అంతకుముందు ఇంటింటికీ నోటితోనే చెప్పేవాళ్లు. మొదటిసారి కాగితం వేద్దామన్నప్పుడు, ఎవరు పేరివ్వాలో స్పష్టంగా ఉండాలి గదా అని, రేషన్ కార్డు దరఖాస్తులోంచి 'కుటుంబ పెద్ద' అన్న మాట తెచ్చి పెట్టింది ఆమే. 'భార్యతో కలిసి' అన్నది ఆడవాళ్లకి మర్యాదగా ఉంటుందని చేర్చింది కూడా ఆమే. తన తెలివికి తనే మురిసిపోయింది ఆరోజు.

అప్పుడు కాళియమ్మ గుర్తొచ్చింది. మూడిళ్ల అవతల ఉంటుంది. భర్త పోయి పదమూడేళ్లు. భర్త పోయాక కూడా ఊరేగింపులో అందరికంటే ముందు నడిచిన మనిషి, ఆ కాగితం వచ్చిన ఏడు ఉన్నట్టుండి మానేసింది. ఆమెకి పొగరని వీధి తీర్మానించింది. లోగనాయకి కూడా తలూపింది.

మిట్టమధ్యాహ్నం కాగితం పట్టుకుని సంఘం ఆఫీసుకి నడిచింది.

"రావద్దని యాడ రాసినాం?" అన్నాడు ఆదికేశవన్, నిజంగానే ఆశ్చర్యపోతూ.

"రావద్దని రాయలేదన్నా. ఎవురు రావాలో రాసినాం. మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే ఆగిపోయినారు."

"ఆచారం అట్లుండాదేమో?"

"పూజారికి ఫోన్ చెయ్యి."

చేశాడు. మగడున్నాడా అని అడిగి అమ్మవారు పాలు తాగదనీ, తను ఏనాడూ అట్లా చెప్పలేదనీ, కాపుకి శుభ్రంగా స్నానం చేసి వస్తే చాలనీ పూజారి అటునుంచి కసిరాడు. ఆదికేశవన్ ఫోన్ పెట్టేసి, "సరి, మార్చేయ్" అన్నాడు. అంతే. తగాదా పడాలని చీర కొంగు దోపుకుని వచ్చిన లోగనాయకికి తగాదా కూడా దొరకలేదు. పది నిమిషాల్లో తేలిపోయేదానికి ఇన్నేళ్లా అని ఒళ్లు మండిపోయింది, అదీ తనమీదే.

అక్కడే కూర్చుని పాత వాక్యం కింద కొత్తది చేర్చింది: 'భర్తను కోల్పోయిన స్త్రీలు కూడా పేరు ఇవ్వవచ్చు.' చదువుకుంటే తప్పేమీ కనపడలేదు. అయినా స్థిమితం లేదు. ప్రెస్సుకి ఇచ్చే ముందు కాళియమ్మకి చెప్పాలి, తప్పదు.

కాళియమ్మ పెరటి గట్టుమీద నెత్తళ్ల చేపలు శుభ్రం చేస్తోంది. డెబ్భై దాటిన మనిషి. చేయి ఆపకుండానే, "ఏంది లోగా, ఇట్లొచ్చినావు?" అంది.

"అక్కా, ఈ ఏడు పాల్‌కుడానికి నువ్వు పేరివ్వాల. సర్క్యులర్‌లో మాట తప్పుగా పడింది. అది రాసింది నేనే."

కాళియమ్మ చేయి ఆగింది. "తెలుసు" అంది. "నాకు అక్షరాలు రావు గదా. మొదటి ఏడు ఆ కాగితం నా గుమ్మంలో నిలబడి చదివి చెప్పింది నువ్వే. పెండ్లాంతో కలిసి రావాల అని గట్టిగా చదివినావు. నన్ను చూస్తానే చదివినావు. సదువుకున్న పిల్ల, సర్కారు ఉద్యోగం, అదే రూల్ అనుకున్న్యా. ఇంగ ఏం అడిగేది?"

లోగనాయకికి ఆ రోజు గుర్తే లేదు. ఎన్నో గుమ్మాల్లో చదివింది. గుర్తు లేకపోవడమే ఎక్కువ సిగ్గనిపించింది. "నన్ను మన్నించక్కా" అంది.

"సరి, ఇప్పుడేం రాసినావో చదువు."

చదివింది. కాళియమ్మ చేతులు కడుక్కుంటూ విన్నది.

"నా మోకాళ్లు ఇంగ ఎండలో నడవవు. తమిళరసి ఎత్తుతాది." తమిళరసి ఆమె కూతురు; ముప్ఫై నాలుగేళ్లు, మేట్టుపాళయం ఫ్యాక్టరీలో పని, పెళ్లి చేసుకోలేదు. "ఇంట్లో సంపాదించేది అదే. అది తలైవరా, పెండ్లామా, మగడు పోయినదా? నీ కాగితంలో యాడుండాది?"

లోగనాయకి కాగితం వైపు చూసింది. ముప్ఫై మూడేళ్ల సర్వీసు. ఒక తలుపు తీస్తున్నానని చెప్పి, పక్కనే ఇంకొకటి వేసి పెట్టింది. చేరుస్తూ పోతే ఎవరో ఒకరు మిగిలిపోతూనే ఉంటారు: పెళ్లి కానివాళ్లు, విడిపోయినవాళ్లు, భార్య పోయిన మగవాళ్లు.

గట్టుమీదే కూర్చుని, పాత వాక్యాన్నీ కొత్త వాక్యాన్నీ రెండింటినీ కొట్టేసింది. పైన ఒకే ఒక్క ముక్క రాసింది. 'ఇంట్లో ఎవరైనా పేరు ఇవ్వవచ్చు.' చదివి వినిపించింది.

"మళ్లా చదువు" అంది కాళియమ్మ.

మళ్లీ చదివింది.

"ఇంతేనా?"

"ఇంతే అక్కా."

కాళియమ్మ చాలాసేపు ఆమె చేతిలోని కాగితాన్నే చూసింది, చదవడం వచ్చినదానిలా. "ఇంత చిన్న మాట, నేను నడవగలిగినప్పుడు రాయలేకపోయినావా లోగా" అంది.