సాయంత్రం తూకం

చలి నాకు పడదు. విజయనగరం దగ్గర పల్లెలో ఎండకు పుట్టి ఎండకే పెరిగినదాన్ని. అరకులోయలో నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు మావాళ్లందరూ, 'నీకేమే, జీతమిచ్చి మరీ ఏసీలో కూర్చోబెడతారు' అని ఆటపట్టించారు. డిసెంబరు తెల్లవారుజామున ఆ ఏసీ ఆపే స్విచ్చి ఎక్కడుంటుందో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

మా వార్డులో ఉండేది బాగా చిక్కిపోయిన చిన్నపిల్లలు. తల్లితో సహా చేర్చుకుంటాం. ఇక్కడ అసలు వైద్యం తిండే. పాలపొడి, నూనె, పంచదార కొలత ప్రకారం కలిపి, గంటల లెక్కన పట్టిస్తాం. బిడ్డ చేరినప్పుడున్న బరువు మీద ఎంత పెరగాలో లెక్కేసి, ఆ అంకె మంచం తలాపున రాసి పెడతాం. అక్కడికి చేరితే ఇంటికి, చేరకపోతే ఇక్కడే. అందుకే మా దగ్గర తూకం మాటే శాసనం.

ఆ తూకం వేయడం నైట్ డ్యూటీ వాళ్ల పని. తెల్లారగానే, మొదటి పాలు పట్టకముందే, బట్టలన్నీ విప్పేసి వేయాలి. రోజూ అదే వేళకు, అదే తూకం మీద. ట్రైనింగులో ఇదంతా చెప్పారు. నేనూ శ్రద్ధగా తలూపాను. ఎందుకలా అని మాత్రం అడగలేదు.

ఆ చలికాలం పిల్లల ఏడుపు భరించలేకపోయాను. కిటికీ అద్దాల మీద మంచు కారుతుంటే, దుప్పటిలో వెచ్చగా ఉన్న పసివాణ్ణి లాగి, చల్లటి తూకం పళ్లెంలో పడుకోబెట్టడం! ఒకడికైతే వణికి వణికి పెదాలు నీలంగా మారాయి. తల్లులు నన్ను చూసి పిల్లల్ని దాచేవాళ్లు. ఇంకేం, నాకు జాలి వేసింది. తూకం సాయంత్రానికి మార్చేశాను. ఎనిమిదింటికి నేను రాగానే హీటరు వేసి, గది వెచ్చబడ్డాక వేసేదాన్ని.

డాక్టరుగారికి చెప్పకుండా ఏమీ చేయలేదు. ఆవిడ నాకంటే చిన్నది, మంచి పిల్ల. "రోజూ ఒకే వేళకైతే ఫరవాలేదండి. పాలకు ముందేగా?" అని అడిగింది.

"ఆఁ" అన్నాను.

ముందు కాదు, తర్వాత. కడుపు నిండిన పిల్ల పళ్లెంలో కదలకుండా పడుకుంటుంది, ఆకలితో ఉన్నది తన్నుకుంటుంది. ఏ తల్లినడిగినా చెబుతుంది ఆ మాట. అందుకని పాలు పట్టాకే వేసేదాన్ని. ఇంత చిన్న విషయానికి మళ్లీ సంజాయిషీ దేనికని 'ఆఁ' అనేశాను. ఆ ఒక్క అక్షరం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అప్పుడు వార్డులో అనంతగిరి పైనున్న ఓ గూడెం పిల్లాడు ఉండేవాడు. ఏడాదిన్నర వయసు, వచ్చినప్పుడు ఆరు కిలోల చిల్లర. ఏడు కిలోలకు చేరితే పంపించాలి. మొదట్లో బాగానే ఎక్కి, తర్వాత ఏడుకు రెండు వందల గ్రాముల దూరంలో నత్తనడక పట్టాడు. వాడి తల్లికి నిలకడ లేదు. కాఫీ పళ్లు ఎర్రబడి ఉన్నాయి, కోతకు భర్త ఒక్కడూ చాలడు. నాలుగేళ్ల కూతుర్ని అత్త దగ్గర వదిలి వచ్చింది. రోజూ తూకం అవగానే నా మొహంలోకి చూసేది.

"ఈయేళేటి సెప్పింది సిస్టరమ్మా?" అనేది, తూకం నోరున్న మనిషైనట్టు.

నేను వేళ మార్చిన మొదటి సాయంత్రమే తూకం ఏడు దాటింది. మర్నాడూ దాటింది. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని నవ్వింది. వెచ్చగా ఉంచితే పిల్లలు ఎలా పుంజుకుంటారో చూశారా అని నేను వార్డులో పనిచేసే ఆయమ్మ దగ్గర గొప్పలు పోయాను. ఇంటి దగ్గర చోడి అంబలిలో, అదే రాగి జావలో, కలిపి పెట్టమని వేరుశనగ పొడి కట్టి ఇచ్చి, షేర్ జీపు ఎక్కించాం.

మూడోరోజు పొద్దున్నే గూడెంలో ఆరోగ్య కార్యకర్త వాడికి అంబలి తాగించకముందే తూకం వేసింది. ఏడు లేదు. భయపడి అదే జీపులో తల్లినీ పిల్లాణ్ణీ కిందికి పంపేసింది. నా డ్యూటీ అయిపోయి చెప్పులు వేసుకుంటుండగా దిగారు. డే సిస్టరు వెంటనే తూకం వేసింది. రెండు వందల గ్రాములు తక్కువ.

నా కోపం సంగతి మా ఇంట్లో వాళ్లనడగాలి. నా కష్టమంతా నీళ్లపాలు చేసిందనుకున్నాను.

"ఏటమ్మా, మేమిచ్చిన పొడి ఎవులికెట్టినావు? మూడ్రోజుల్లో గుంటణ్ణి ఇలా సేసి తెచ్చినావే!" అన్నాను, వార్డంతా వినేట్టు.

ఆమె తల దించుకుంది. "పెద్దగుంటకి ఎట్టినాను. ఒక్క ముద్ద. ఏడిసింది సిస్టరమ్మా, తమ్ముడి గిన్నెకేసి సూసి" అంది.

"అదిగో" అన్నాను. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మంచాల మీది తల్లులందరూ ఆమె వైపు చూశారు. నేను జీపెక్కి ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాను. అలా నిద్ర పట్టినందుకే నాకిప్పుడు ఎక్కువ సిగ్గు.

ఆ సాయంత్రం వాణ్ణి తూకం వేస్తే మళ్లీ ఏడు.

ఆయమ్మ చప్పట్లు కొట్టింది. "సూసినారా! మన సేతి పాలు ఒక్క పూట తాగితే ఎంత తేడానో. ఆ యమ్మ ఇంటికాడ కడుపు మాడ్సీసింది."

ఆ తల్లి ఆ మాట విని, మంచం మీద ఇంకొంచెం ముడుచుకుంది. నేనూ ఆయమ్మతో కలిసి నవ్వబోయాను కానీ ఏదో తట్టింది. ఒక్క పూటలో రెండు వందల గ్రాములా? రోజుకు ముప్పై, నలభై గ్రాములు పెరిగితేనే పండగ చేసుకునేవాళ్లం.

ఇక్కడ నా సొంత బాగోతం ఒకటి చెప్పాలి. చలికి పకోడీలు తిని తిని ఒళ్లు చేశాను. అన్నం తగ్గించి, పెద్దవాళ్ల తూకం మీద నన్ను నేను చూసుకునేదాన్ని. రాగానే ఒకసారి, వెళ్లేముందు ఒకసారి. పొద్దున చూస్తే కిలో పైగా తగ్గి ఉండేదాన్ని. సంబరపడి ఇంటికెళ్లి, తిని పడుకుని, మళ్లీ సాయంత్రం వస్తే ఆ కిలో నాకంటే ముందే వచ్చి తూకం మీద కూర్చునేది. తూకం పాడైందనీ, చలికి లోపల ఏదో బిగుసుకుంటోందనీ అనుకుని దాన్ని తిట్టుకునేదాన్ని.

ఆ రాత్రి వంటగది నుంచి విప్పని పంచదార ప్యాకెట్టు తెచ్చి పిల్లల తూకం మీద పెట్టాను. పెద్ద తూకం మీద మూత తియ్యని నీళ్ల డబ్బా పెట్టాను. రెండు అంకెలూ మనసులో ఉంచుకున్నాను. తెల్లారాక, గది బాగా చల్లబడ్డాక, అవే మళ్లీ పెట్టాను. అంకెలు కదల్లేదు. తర్వాత నేనెక్కాను. కిలో పైగా తక్కువ.

తూకానికి ఏ రోగమూ లేదు. మారుతున్నది మనుషులం.

బయటికొచ్చి నిలబడ్డాను. ఊపిరి వదిలితే నోట్లోంచి ఆవిరి వస్తోంది. రాత్రంతా అలాగే పోయింది కదా నాలోని నీళ్లు, ఊపిరిలో కొంత, చర్మంలోంచి కొంత, మూత్రంగా కొంత. పోయినదాని బదులు లోపలికి పడింది ఏమీ లేదు. పగలు తిన్నదీ తాగినదీ మాత్రం సాయంత్రానికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది, కడుపులో, పేగుల్లో, మూత్రాశయంలో. నూటయాభై మిల్లీలీటర్ల పాలు తాగిన పిల్లాడు ఆ క్షణాన ఇంచుమించు నూటయాభై గ్రాములు ఎక్కువే తూగుతాడు. అది కండ కాదు, కొవ్వు కాదు. తెల్లారేసరికి పక్కబట్టలోకి పోయేది. అందుకే పొద్దున్నే, పాలకు ముందే వేయమన్నారు. అప్పుడు ఒంటిని ఖాళీ సంచిలా తూచినట్టు, నిజంగా పెరిగిందేమిటో అదే కనిపిస్తుంది. రోజూ ఒకే వేళకు వేస్తే చాలదు. బిడ్డ చేరిన రోజున ఏ వేళ తూచామో ఆ వేళే కావాలి. వాణ్ణి చేర్చుకున్నది పొద్దున. పంపింది సాయంత్రం.

లోపలికెళ్లి, నిద్రపోతున్న వాణ్ణి లేపి, బట్టలు విప్పి, పాలకు ముందు తూకం వేశాను. డే సిస్టరు వేసినదానికంటే ఇరవై గ్రాములు ఎక్కువ. అంతే. వాడు ఇంటి దగ్గర ఏమీ తగ్గలేదు. అసలు ఏడుకు చేరనే లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. చలి తగలకూడదని నేను పడ్డ జాలి వాణ్ణి సగం వైద్యంతో ఇంటికి పంపింది.

డాక్టరుగారు రాగానే అంతా చెప్పాను, ఆ 'ఆఁ' తో సహా. కేకలేస్తుందనుకున్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. "నేను కూడా ఒకసారి వచ్చి చూడాల్సింది" అంది. ఆ రోజు నుంచి తూకం మళ్లీ తెల్లారికి వెళ్లింది. హీటరు మాత్రం ముందే వేసి, పళ్లెం మీద వెచ్చటి గుడ్డ పరిచి, ఆ గుడ్డ బరువు పోయేలా తూకం సున్నాకు తెచ్చి వేస్తున్నాం. అంత చిన్న పని నాకు మొదటే తట్టి ఉంటే ఎంత బాగుండేది!

డాక్టరు దగ్గర ఒప్పుకోవడం తేలికే అయింది. ఆ తల్లి దగ్గరే కష్టమైంది. పంచదార ప్యాకెట్టు తెచ్చి, ఆమె ఎదుట తూచి చూపించాను. పిల్లాణ్ణి పాలకు ముందు తూచాను, తాగాక తూచాను. అంకె ఎగిరింది.

"సూసినావా అమ్మా? తప్పు నాది. నువ్వు ఇంటికాడ ఏమీ సెయ్యలేదు. నిన్ను అందరిలో అన్నాను, నన్ను తిట్టు" అన్నాను.

ఆమె అంకె వైపు చూసింది, నా వైపు చూసింది. తిట్టలేదు. "అయితే పెద్దగుంటకి ఎట్టిన ముద్ద వల్ల కాదా?" అంది.

"కాదు. ఆ ముద్దకి దీనికి ఏటీ సమ్మందం లేదు."

"ఊఁ" అంది. నేను డాక్టరుగారికి చెప్పిన 'ఆఁ' లాగే ఉంది అది.

మంచాల మధ్య నిలబడి అందరు తల్లులకూ వినబడేలా కూడా చెప్పాను. కొందరు నవ్వారు, కొందరు తలూపారు. కాఫీ కోత మాత్రం ఆమెకు సగం పోయింది.

ఈసారి తెల్లవారి తూకంలోనే వాడు ఏడు దాటాడు. తీసుకెళ్లడానికి భర్త వచ్చాడు, పెద్దపిల్లను వెంటబెట్టుకుని. జీపు దగ్గరికి నేనూ వెళ్లాను. ఆ పిల్ల చేతిలో ఒక బిస్కెట్ ప్యాకెట్టు పెట్టాను. పిల్ల దాన్ని విప్పలేదు. తల్లి మొహంలోకి చూసింది. తల్లి మెల్లగా దాని చేతిలోంచి ప్యాకెట్టు తీసుకుని విప్పి, మొదటి బిస్కెట్టు విరిచి చిన్నవాడి నోట్లో పెట్టింది.

"దానికిచ్చానమ్మా, పెద్దదానికి" అన్నాను.

"తమ్ముడిది తినదు సిస్టరమ్మా. ఇప్పుడు బుద్దొచ్చింది దానికి" అంది ఆమె, నన్ను సంతోషపెట్టాలని.

జీపు కదిలింది. ఆ పిల్ల వెనక సీట్లో కూర్చుని, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, తమ్ముడు తినడం చూస్తూ వెళ్లింది.